ఇంటి ఎస్టిమేట్ ఎక్కడ జారిపోతుంది: గోడ పొడవు నుంచి కంటింజెన్సీ దాకా

క్లుప్తంగా: ఒకే ప్లాన్ ఇద్దరికి ఇచ్చి ఎస్టిమేట్ వేయించుకుంటే రెండు అంకెలు రావడం మామూలే, కానీ ఆ తేడా అంతా మెటీరియల్ ధరల వల్లే అనుకోవడం పొరపాటు. చాలా వరకు తేడా కొలతల్లో వస్తుంది: మూలలు రెండుసార్లు లెక్కపెట్టడం, తలుపులు కిటికీలు తీసేయకపోవడం, వేస్టేజ్‌ని మూడు చోట్ల కలపడం, డ్రాయింగ్‌లో గీత లేని పనిని మర్చిపోవడం. ఇవన్నీ కప్పెట్టడానికి చివర్లో అనుకోని ఖర్చులకి అంటూ ఒక 5 శాతమో 10 శాతమో కంటింజెన్సీ అని పెడతారు, అసలు కంటింజెన్సీ దేనికోసమో దానికి మాత్రం ఏమీ మిగలదు.

## చదరపు లెక్కతో మొదలయ్యే తికమక

ఇల్లు కట్టాలనుకునే వాళ్ళకి మొదట వినపడేది చదరానికి ఇంత అనే రేటు. అది తప్పుడు లెక్కేమీ కాదు, ఇంతకుముందు కట్టిన ఇళ్ళ ఖర్చుని వాటి విస్తీర్ణంతో భాగిస్తే వచ్చిన సగటు అంతే. ఆ సగటుకి కొత్త ఇంటి ఆకారం గురించి ఏమీ తెలియదు, చిక్కంతా అక్కడే.

10 మీటర్లు పొడవు 10 మీటర్లు వెడల్పు ఉన్న ఇల్లు ఒకటి, 20 మీటర్లు పొడవు 5 మీటర్లు వెడల్పు ఉన్న ఇల్లు ఒకటి అనుకుందాం. రెండిటి విస్తీర్ణం 100 చదరపు మీటర్లే, చదరపు రేటు ప్రకారం ఖర్చు కూడా ఒకటే. కానీ మొదటి ఇంటి చుట్టుకొలత 40 మీటర్లు, రెండోదానిది 50. అంటే బయటి గోడ, దాని కింద పునాది, దాని మీద ప్లాస్టరింగ్, పెయింట్ అన్నీ పాతిక శాతం ఎక్కువ, స్లాబు, ఫ్లోరింగ్ మాత్రం దాదాపు అంతే. చదరపు రేటు ఈ తేడాని చూపించలేదు, బీఓక్యూ చూపిస్తుంది. ఎందుకంటే బీఓక్యూ అంటే పనిని ఐటమ్‌లుగా విడగొట్టి, ఒక్కో ఐటమ్‌ని దాని యూనిట్‌లో కొలిచి (తవ్వకం క్యూబిక్ మీటర్లలో, ప్లాస్టరింగ్ చదరపు మీటర్లలో, స్టీల్ కేజీల్లో), ఆ క్వాంటిటీని రేటుతో గుణించి కింద కూడే పట్టిక. వరస నంబరు, పని వివరం, యూనిట్, క్వాంటిటీ, రేటు, మొత్తం, ఇవే దాని కాలమ్‌లు. చూడ్డానికి సింపుల్‌గానే ఉంటుంది, కష్టమంతా క్వాంటిటీ కాలమ్ నింపడంలో ఉంది.

## రెండు గదుల ఇల్లు, ఒక గోడ పొడవు

పెద్ద ప్లాన్ తీసుకుంటే అంకెల్లో మునిగిపోతాం కాబట్టి పక్కపక్కనే రెండు గదులున్న చిన్న కట్టడం ఒకటి తీసుకుందాం. ఒక్కో గది లోపలి కొలత 4 మీటర్లు, 5 మీటర్లు. గోడలన్నీ 20 సెంటీమీటర్ల మందం. ముందు గోడ, వెనక గోడ పొడవువి, వాటిని కలుపుతూ మూడు అడ్డ గోడలు (రెండు చివర్లలో, ఒకటి మధ్యలో).

ఇక్కడ చాలామంది చేసేదేంటంటే బయటి కొలతలు పట్టుకుని కూడేస్తారు. బయటి నుంచి ముందు గోడ 8.6 మీటర్లు, అడ్డ గోడ 5.4 మీటర్లు. రెండు పొడవు గోడలు 17.2, మూడు అడ్డ గోడలు 16.2, మొత్తం 33.4 మీటర్లు. ఇది తప్పు. మూలలో ఉన్న 20 సెంటీమీటర్ల ముక్క ముందు గోడలో ఒకసారి, అడ్డ గోడలో ఇంకోసారి లెక్కకి వచ్చేసింది, మధ్య గోడ కలిసే చోట కూడా అంతే. అసలు పొడవు 32.2 మీటర్లే: పొడవు గోడలు 17.2, అడ్డ గోడలు లోపలి కొలతతో 5 చొప్పున 15.

దీన్నే సెంటర్‌లైన్ పద్ధతిలో చేస్తే ఇంకా తేలిక, తర్వాత పునాదికి కూడా పనికొస్తుంది. ప్రతి గోడ మధ్య గీత పొడవు తీసుకోవాలి. పొడవు గోడలు 8.4 చొప్పున రెండు, అడ్డ గోడలు 5.2 చొప్పున మూడు, మొత్తం 32.4 మీటర్లు. మామూలు మూలల దగ్గర సెంటర్‌లైన్ తనంతట తనే సరిపోతుంది, కానీ ఒక గోడ ఇంకో గోడ మధ్యలోకి వచ్చి ఆనే టీ జంక్షన్ దగ్గర సగం వెడల్పు ఎక్కువ లెక్కకి వస్తుంది, దాన్ని తీసేయాలి. ఈ ఇంట్లో మధ్య గోడకి ముందు ఒకటి వెనక ఒకటి, రెండు టీ జంక్షన్లు.

```
L = 32.4 - (2 x b/2)
```

ఇందులో `b` అంటే ఆ ఐటమ్ వెడల్పు. అసలు కిటుకంతా ఈ చివరి మాటలో ఉంది, వెడల్పు మారితే పొడవూ మారుతుంది. గోడకి వెడల్పు 0.2 కాబట్టి పొడవు 32.2. పునాది గుంట వెడల్పు 0.9 మీటర్లు అనుకుంటే దాని పొడవు 31.5 అవుతుంది. గోడ పొడవునే తవ్వకానికి కూడా వాడేస్తే తప్పు కాస్తే అనిపిస్తుంది కానీ గదులు పెరిగేకొద్దీ టీ జంక్షన్లు పెరుగుతాయి, తప్పు కూడా వాటితోపాటే పెరుగుతుంది. ఎస్టిమేట్ చేతికి రాగానే తవ్వకం, పునాది కాంక్రీట్, బేస్‌మెంట్ గోడ, పై గోడ అన్నిటికీ ఒకే పొడవు వేసి ఉందా అని చూస్తే చాలు, ఒకే పొడవు ఉంటే జంక్షన్లు ఎవరూ పట్టించుకోలేదని అర్థం.

తవ్వకం 1 మీటరు లోతు అనుకుంటే 31.5 × 0.9 × 1, అంటే 28.35 క్యూబిక్ మీటర్లు. ఇది గుంట కొలత. తవ్విన మట్టి వదులై ఉబ్బుతుంది, ఎంత ఉబ్బుతుందనేది మట్టిని బట్టి ఉంటుంది, పాతిక శాతం ఉబ్బితే బయట కుప్ప 35 క్యూబిక్ మీటర్లు దాటుతుంది. కాబట్టి తవ్వకానికి డబ్బులు గుంట కొలత మీద ఇస్తున్నారా, ట్రిప్పుల లెక్కన ఇస్తున్నారా అన్నది ఐటమ్ వివరంలోనే రాసి ఉండాలి, లేకపోతే పని మధ్యలో గొడవ తప్పదు.

## తలుపులు, కిటికీలు, లింటెల్స్

గోడ ఎత్తు 3 మీటర్లు. 32.2 × 0.2 × 3 అంటే 19.32 క్యూబిక్ మీటర్ల ఇటుక కట్టుబడి. కానీ అందులో ఇటుక లేని చోట్లు కూడా ఉన్నాయి. బయటి తలుపు 1 × 2.1, లోపలి తలుపు 0.9 × 2.1, కిటికీలు 1.2 × 1.2 చొప్పున నాలుగు. వీటి విస్తీర్ణం మొత్తం 9.75 చదరపు మీటర్లు, గోడ మందంతో గుణిస్తే 1.95 క్యూబిక్ మీటర్లు. వాటి మీద వేసే లింటెల్స్ కాంక్రీటు కాబట్టి అవి కూడా ఇటుకలోంచి పోవాలి: రెండు వైపులా 15 సెంటీమీటర్లు గోడ మీద కూర్చునేలా తీసుకుంటే మొత్తం పొడవు 8.5 మీటర్లు, 15 సెంటీమీటర్ల మందంతో దాదాపు 0.26 క్యూబిక్ మీటర్లు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 17.1.

తీసేయకుండా వదిలేస్తే ఇటుక పని దాదాపు 13 శాతం ఎక్కువ చూపిస్తుంది. కొందరు మేస్త్రీలు తలుపు చుట్టూ పని ఎక్కువ, అందుకే మేము తీసేయం అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది, అంచులు నిలువుగా తీయడానికి టైమ్ పడుతుంది నిజమే, కానీ అది కూలీకి సంబంధించిన విషయం, ఖాళీ జాగాకి ఇటుకలు మాత్రం ఖర్చు కావు. కూలీ లెక్క వేరుగా, మెటీరియల్ లెక్క వేరుగా ఉన్న ఒప్పందంలో ఈ రెండూ కలిపేయకూడదు. ప్లాస్టరింగ్ దగ్గర కథ కొంచెం మారుతుంది, కిటికీ ఖాళీ తీసేసినా దాని పక్క అంచులకి కూడా ప్లాస్టర్ వేయాలి కాబట్టి చిన్న ఓపెనింగ్స్‌ని తీసేయకుండా వదిలేసే పద్ధతి ఉంది. ఏ సైజు దాకా తీసేయరు అన్నది బీఓక్యూ పైన ముందే రాసి ఉండాలి.

## రేటు ఎలా పుడుతుంది

క్వాంటిటీ తేలాక రేటు. రేటు అంటే ఎవరో చెప్పిన అంకె కాదు, ఒక క్యూబిక్ మీటరు పనిలోకి ఏమేం పడతాయో విడగొట్టి కట్టే చిన్న లెక్క. ధరలు చోటుని బట్టి, రోజుని బట్టి మారతాయి కాబట్టి ఇక్కడ 50 కేజీల సిమెంట్ బస్తా ధరని 100 పాయింట్లు అనుకుని మిగతావన్నీ దాంతో పోల్చి ఊహించుకుందాం: ఇటుక 2, క్యూబిక్ మీటరు ఇసుక 500, మేస్త్రీ రోజు కూలీ 220, హెల్పర్‌ది 150. ఇవి లెక్క చూపించడానికి పెట్టుకున్నవే, ఎవరి ధరలు వాళ్ళు వేసుకోవచ్చు.

ఇటుక 19 × 9 × 9 సెంటీమీటర్లు అనుకుంటే, మధ్యలో సెంటీమీటరు మాలుతో కలిపి అది ఆక్రమించే చోటు 20 × 10 × 10. క్యూబిక్ మీటరులో సరిగ్గా 500 పడతాయి. విరిగేవి 5 శాతం కలిపితే 525. ఈ 500 ఇటుకల అసలు ఘనపరిమాణం 0.77 మాత్రమే, మిగతా 0.23 క్యూబిక్ మీటరు మాలు. ఇటుక మీద గుంటల్లోకి పోయేది, కింద రాలేది కలిపి 15 శాతం వేస్తే 0.265. ఇది తడి మాలు. పొడిగా ఉన్నప్పుడు ఇసుక రేణువుల మధ్య ఖాళీలుంటాయి, నీళ్ళు పోసి కలిపితే సిమెంట్ ఆ ఖాళీల్లోకి దూరి మొత్తం తగ్గిపోతుంది, అందుకే పొడి మెటీరియల్ ఇంకో 30 శాతం ఎక్కువ తీసుకోవాలి, 0.345 క్యూబిక్ మీటరు. ఒకటికి ఆరు పాళ్ళలో అంటే ఏడు భాగాల్లో ఒకటి సిమెంట్: 0.049 క్యూబిక్ మీటరు, బరువులో 71 కేజీలు, అంటే 1.42 బస్తాలు. ఇసుక 0.296.

ఇప్పుడు పాయింట్లు వేస్తే ఇటుకలు 1050, సిమెంట్ 142, ఇసుక 148. కూలీ మేస్త్రీ 0.8 రోజు, హెల్పర్ 1.4 రోజు అనుకుంటే 386. కూడితే 1726. పరంజా, నీళ్ళు, పనిముట్లకి 3 శాతం కలిపితే 1778. కాంట్రాక్టర్ నిర్వహణ ఖర్చు, లాభం కలిపి 15 శాతం వేస్తే 2045. అదీ రేటు. 17.1 క్యూబిక్ మీటర్లకి దాదాపు 35 వేల పాయింట్లు.

ఈ విడగొట్టిన లెక్క చేతిలో ఉంటే ఒక ఉపయోగం ఉంది, ధరలు పెరిగాయి అన్న వార్త రాగానే మన ఇంటికి అది ఎంత తగులుతుందో చెప్పొచ్చు. సిమెంట్ 10 శాతం పెరిగితే అందరూ కంగారు పడతారు, కానీ ఈ గోడ పనిలో అది 1778లో 14 పాయింట్లు, ఒక శాతం కూడా కాదు. అదే ఇటుక 10 శాతం పెరిగితే 105 పాయింట్లు, దాదాపు 6 శాతం. స్లాబు దగ్గర ఇది తిరగబడుతుంది: సిమెంట్, ఇసుక, కంకర ఒకటికి ఒకటిన్నరకి మూడు పాళ్ళలో కలిపే కాంక్రీటులో క్యూబిక్ మీటరుకి 8 బస్తాల సిమెంట్ పోతుంది. ఇసుక 0.42, కంకర 0.84 క్యూబిక్ మీటరు. కంకర ధర 400 అనుకుంటే, స్టీల్, సెంట్రింగ్ పక్కన పెట్టి చూస్తే మెటీరియల్ ఖర్చులో 60 శాతం సిమెంటే. కాబట్టి గోడలు అయిపోయి స్లాబు మిగిలున్న దశలో సిమెంట్ పెరిగితే ఒక రకం, స్లాబు అయిపోయాక పెరిగితే ఇంకో రకం.

ఇసుక దగ్గర ఒక చిన్న మెలిక కూడా ఉంది. లెక్కలో వచ్చేది పొడి ఇసుక, లారీలో వచ్చేది చెమ్మ ఇసుక. కొద్దిపాటి తడి ఉన్నప్పుడు రేణువుల చుట్టూ నీటి పొర కట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఇసుక ఉబ్బుతుంది. ఎంత ఉబ్బిందో సైట్‌లోనే తెలుసుకోవచ్చు: ఒక నిలువు డబ్బాలో ఆ ఇసుకని నొక్కకుండా 20 సెంటీమీటర్ల ఎత్తు పోసి, దాన్ని వేరే దాంట్లోకి తీసి, అదే డబ్బాలో సగం నీళ్ళు పోసి ఇసుకని మళ్ళీ అందులో వేసి పుల్లతో కదిపితే గాలి పోయి కిందకి దిగుతుంది. 16 దగ్గర ఆగితే ఇసుక పాతిక శాతం ఉబ్బి ఉందని అర్థం, 5 క్యూబిక్ మీటర్లు కావాలంటే 6.25 దింపించుకోవాలి. ఎస్టిమేట్‌లో ఇసుక సరిపోలేదు అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇదే, ఎవరూ ఎత్తుకుపోయి ఉండకపోవచ్చు.

## వేస్టేజ్ మూడుసార్లు

పైన రేటు కట్టేటప్పుడు ఇటుకల మీద 5 శాతం వేస్టేజ్ వేసేశాం. అలాంటప్పుడు క్వాంటిటీ కాలమ్‌లో 17.1 అలాగే ఉండాలి, డ్రాయింగ్ ప్రకారం గోడలో నిలబడేది అంతే కాబట్టి. కానీ కొందరు సేఫ్టీకి అని క్వాంటిటీని కూడా 5 శాతం పెంచుతారు, చివర్లో మళ్ళీ అంతటి మీద 5 శాతం కంటింజెన్సీ వేస్తారు. 1.05ని మూడుసార్లు గుణిస్తే 1.158, ఇటుకల ఖర్చు ఎవరికీ తెలియకుండా దాదాపు 16 శాతం ఉబ్బిపోయింది, పైగా ఆ మూడు ఐదులు మూడు వేరు వేరు చోట్ల ఉండటంతో కంటికి కనపడవు. క్వాంటిటీ కాలమ్ నికరంగా ఉంచి, వేస్టేజ్‌ని రేటులోపలే పెట్టడం ఒక్కటే పాటిస్తే ఈ గందరగోళం ఉండదు. ఇటుకలు కొనడానికి ఆర్డర్ పెట్టేటప్పుడు మాత్రం 17.1ని 525తో గుణించి 9 వేలు దింపించుకోవాలి. బీఓక్యూ లెక్క వేరు, కొనుగోలు లెక్క వేరు.

స్టీల్‌లో వేస్టేజ్ శాతంతో తేలేది కాదు, ముక్కలతో తేలుతుంది. మీటరు రాడ్ బరువు కేజీల్లో కట్టడానికి సూత్రం ఇది, `d` మిల్లీమీటర్లలో:

```
w = d x d / 162
```

10 మిల్లీమీటర్ల రాడ్ మీటరుకి 0.617 కేజీ. మన ఇంటి స్లాబులో 8.6 మీటర్ల దిశలో 15 సెంటీమీటర్లకొకటి చొప్పున రాడ్లు వేయమని డిజైన్‌లో ఉందనుకుందాం, 5.4 మీటర్ల వెడల్పులో 37 రాడ్లు పడతాయి, రెండు చివర్లా కాంక్రీటు కవర్ వదిలితే ఒక్కోటి దాదాపు 8.5 మీటర్లు. స్లాబులో ఉండేది 194 కేజీలు. కానీ రాడ్ మామూలుగా 12 మీటర్ల పొడవు వస్తుంది, ఒక్కోదాన్లో 3.5 మీటర్లు మిగిలిపోతుంది, 37 ముక్కలంటే 80 కేజీలు. కొన్నది 274 కేజీలు. 3 శాతం వేస్టేజ్ వేసుకున్న ఎస్టిమేట్ ఇక్కడ కుప్పకూలుతుంది, మేస్త్రీ మీద అనుమానం కూడా మొదలవుతుంది. నిజానికి ఆ 3.5 మీటర్ల ముక్కలు చెత్త కాదు: మధ్య గోడ మీద స్లాబు పైవైపు వేయాల్సిన అదనపు రాడ్లకి, లింటెల్స్‌కి (ఒక్కో ముక్కలో 1.5 మీటర్లవి రెండు వస్తాయి) సరిపోతాయి. కానీ ఆ సంగతి కోయకముందే కాగితం మీద రాసుకోవాలి. అంటే ఏ సైజు రాడ్, ఎన్ని, ఎంత పొడవు, ఏ వంపు అనే షెడ్యూల్ వేయాలి. క్యూబిక్ మీటరు కాంక్రీటుకి ఇన్ని కేజీలు అనే ఉజ్జాయింపు లెక్క తొలి బడ్జెట్‌కి పనికొస్తుంది, ఆర్డర్ పెట్టడానికి పనికిరాదు.

## గీత లేని పనులు

డ్రాయింగ్‌లో గోడకి గీత ఉంటుంది, స్లాబుకి గీత ఉంటుంది. బేస్‌మెంట్ లోపల నింపే మట్టికి గీత ఉండదు. మన రెండు గదుల నేల 40 చదరపు మీటర్లు, బేస్‌మెంట్‌లో 45 సెంటీమీటర్ల ఎత్తు నింపాలంటే దిమ్మిస కొట్టాక 18 క్యూబిక్ మీటర్లు కావాలి, వదులు మట్టిగా అయితే 22 దాకా. తవ్విన మట్టిలో మిగిలింది మంచిదైతే అదే వాడొచ్చు, బంకమట్టి అయితే బయటి నుంచి తేవాలి, అది మామూలు ఖర్చు కాదు. అయినా చాలా ఎస్టిమేట్లలో ఈ లైనే ఉండదు. కిటికీ కింద పలక, పిట్టగోడ, స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్, చెదల మందు, స్లాబు పోయకముందే పెట్టాల్సిన కరెంటు పైపులు, సెప్టిక్ ట్యాంకు కూడా ఇలా తప్పిపోయేవే.

వీటిని పట్టుకోవడానికి డ్రాయింగ్ చూడటం కంటే పని జరిగే వరసని మనసులో నడిపించుకోవడం మేలు. మొదటి రోజు సైట్ శుభ్రం చేయడం దగ్గర నుంచి చివరి రోజు చెత్త ఎత్తేయడం దాకా ఒక్కో రోజు ఎవరొస్తారు, ఏం తెస్తారు అని అడుగుతూ పోతే బీఓక్యూలో లేని లైన్లు వాటంతటవే బయటపడతాయి. ఉన్నాయని తెలుసు కానీ ఇప్పుడే కొలవలేని పనులుంటాయి, టైల్స్ ఇంకా ఎంచుకోకపోవడం లాంటివి. వాటికి పక్కన తాత్కాలికం అని రాసి ఒక అంకె వేయాలి తప్ప కంటింజెన్సీలో కలపకూడదు.

## కంటింజెన్సీ అసలు దేనికి

కొలవగలిగినదాన్ని కొలవకుండా వదిలేస్తే అది కంటింజెన్సీ కాదు, తప్పు. కంటింజెన్సీ అంటే ఎంత జాగ్రత్తగా కొలిచినా ఈ రోజు తెలియని సంగతికి పక్కన పెట్టే డబ్బు. ఇంటి పనిలో అలాంటి వాటిలో పెద్దది నేల కింద ఉంటుంది.

మన లెక్కలో పునాది 1 మీటరు లోతు అనుకున్నాం. తవ్వాక అక్కడ గట్టి నేల తగల్లేదు, 1.4 దాకా వెళ్ళాల్సొచ్చింది అనుకుందాం. తవ్వకం 11.34 క్యూబిక్ మీటర్లు పెరుగుతుంది, అంటే 40 శాతం. ఇంతవరకే చూసి చాలామంది తవ్వకం చవకే కదా అని ఊరుకుంటారు. కానీ లోతు పెరిగితే ఆ లోతు నుంచి గోడని పైకి తేవాలి. పునాది గోడ 40 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే దాని పొడవు (టీ జంక్షన్లు తీసేశాక) 32 మీటర్లు, 32 × 0.4 × 0.4 అంటే 5.12 క్యూబిక్ మీటర్ల కట్టుబడి అదనం. పైనున్న మొత్తం ఇటుక గోడలో ఇది 30 శాతం! తవ్వకం రేటు 60 పాయింట్లు అనుకుంటే తవ్వకానికి 680, కట్టుబడికి 2045 చొప్పున దాదాపు 10,470, కలిపి 11,150 పాయింట్లు. 40 సెంటీమీటర్ల లోతుకి పై గోడల ఖర్చులో మూడో వంతు.

ఇలాంటిది జరిగే అవకాశం మూడింట ఒకటి ఉందనుకుంటే సగటు లెక్క ప్రకారం 3,700 పాయింట్లు పక్కన పెట్టాలి. వందల ఇళ్ళు కట్టే సంస్థకి ఈ సగటు సరిపోతుంది, ఒకచోట పోయింది ఇంకోచోట మిగులుతుంది. ఒకే ఒక్క ఇల్లు కట్టుకునే వాళ్ళకి సరిపోదు, వాళ్ళకి ఖర్చు సున్నా అయినా అవుతుంది లేదా 11,150 అయినా అవుతుంది, 3,700 మాత్రం ఎప్పుడూ అవ్వదు. కాబట్టి సొంతిల్లు కట్టుకునేవాళ్ళు ఇలాంటి పెద్ద అనుమానానికి పూర్తి మొత్తం చేతిలో ఉంచుకోవాలి, చిన్నా చితకా వాటికి మాత్రం శాతం చాలు. మొత్తం ఎస్టిమేట్ మీద గుడ్డిగా 5 శాతం అనే బదులు, ఏ ఐటమ్‌లో ఏం తెలియదో రాసి దాని పక్కన దాని మొత్తం రాస్తే ఆ డబ్బు దేనికో ఎవరికైనా అర్థమవుతుంది. పెయింట్ విస్తీర్ణంలో తెలియనిది దాదాపు ఏమీ ఉండదు, దానికి కంటింజెన్సీ అక్కర్లేదు. ప్లాస్టర్‌లో కొంచెం ఉంటుంది: 12 మిల్లీమీటర్లు అని లెక్కేసిన చోట గోడ వంకరగా ఉంటే 18 వేయాల్సొస్తుంది, మాలు ఒకటిన్నర రెట్లవుతుంది. అది గోడ కట్టే నాణ్యతని బట్టి ఉంటుంది.

ధరల పెరుగుదల ఇంకో వేరే లైను. అది ఎంత కాలం పడుతుంది, ఏది ఎప్పుడు కొంటాం అన్నదాన్ని బట్టి వస్తుంది. మొదటి నెలలో కొనే ఇటుకకి దాదాపు ఏమీ వేయక్కర్లేదు, ఏడాది చివర కొనే టైల్స్‌కి, తలుపులకి వేయాలి. రెండిటినీ ఒకే శాతంలో కలిపేస్తే నేల బాగుండి పునాదిలో మిగిలిన డబ్బు టైల్స్‌లో కరిగిపోతుంది, ఎక్కడ మిగిలింది ఎక్కడ పోయింది ఎవరికీ తెలీదు.

నేల సంగతి ముందే తెలుసుకోవడానికి ఉన్న దారి చాలా చవక. ఎస్టిమేట్ వేయకముందే ఇంటి రెండు ఎదురు మూలల్లో మనిషి దిగేంత గుంటలు రెండు తవ్వించి, ఏ లోతులో మట్టి రంగు మారింది, ఎక్కడ గునపం దిగడం మానేసింది, నీళ్ళు ఊరాయా అని రాసుకోవాలి. ఆ నేల ఎంత బరువు మోయగలదో ఇంజినీర్ తేల్చాల్సిందే కానీ లోతు మాత్రం రెండు పూటల పనిలో బయటపడుతుంది. రెండు గుంటలకి పట్టేది నాలుగైదు క్యూబిక్ మీటర్ల తవ్వకం, మూడు వందల పాయింట్ల లోపు. అప్పుడు ఆ 11,150 కంటింజెన్సీలోంచి బయటికి వస్తుంది: అయితే క్వాంటిటీ కాలమ్‌లోకి 1.4 లోతుగా ఎక్కుతుంది, లేదంటే కొట్టేయొచ్చు. పునాది పని అయిపోయాక అసలు తవ్విన లోతు, కట్టిన కొలత ఎస్టిమేట్ పక్కనే ఇంకో కాలమ్‌లో రాసి, పునాదికని పెట్టిన కంటింజెన్సీ లైనుని ఆ రోజే మూసేయాలి.